మూడు వరుసల జాబితాను ఒక్క వరుసగా మార్చే హక్కు మీకెవరిచ్చారు?

ఈ మధ్యాహ్నం మా పెదనాన్న తోట నుంచి వెళ్ళిన మామిడి లోడు మార్కెట్‌లో దిగింది. దానితో పాటు గ్రేడు వారీగా క్రేట్ల సంఖ్య, కాయల సంఖ్య, నికర బరువు రాసి నేనే తయారుచేసిన జాబితా వెళ్ళింది. అక్కడ దిగుమతి చేసుకున్న గుమస్తా ఆ జాబితాను పక్కన పెట్టి, తన పుస్తకంలో "మామిడి, 40 క్రేట్లు, 733 కిలోలు" అని ఒక్క వరుస రాసుకున్నాడు. సాయంత్రానికి సరుకంతా మధ్యరకం కింద లెక్క కట్టారు. అడిగితే "మొత్తం బరువు సరిపోయింది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మొత్తం బరువు సరిపోవడం ఒక్కటే ఎందుకు చాలదో మా లోడు లెక్కతోనే చెబుతాను. పెద్దకాయ 12 క్రేట్లు, క్రేటుకు 30 కాయలు, కాయ సగటు 610 గ్రాములు. అంటే 360 కాయలు, 219.6 కిలోలు. మధ్యరకం 20 క్రేట్లు, క్రేటుకు 42 కాయలు, సగటు 440 గ్రాములు. అంటే 840 కాయలు, 369.6 కిలోలు. చిన్నకాయ 8 క్రేట్లు, క్రేటుకు 60 కాయలు, సగటు 300 గ్రాములు. అంటే 480 కాయలు, 144 కిలోలు. మూడూ కలిపితే 1,680 కాయలు, 733.2 కిలోలు. ఇప్పుడు ఆ మొత్తం బరువును మొత్తం కాయలతో భాగించి చూడండి, కాయకు 436 గ్రాములు వస్తుంది. అది అచ్చంగా మధ్యరకం కాయ బరువు. వరుసలు కలిపేసిన క్షణంలోనే పెద్దకాయ కాగితం మీద నుంచి మాయమైంది. సరుకు బరువులో దాదాపు మూడు పదుల శాతం ఉన్న కాయ, ఏడాదంతా పూతను, పిందెను కాపాడుకుంటూ వచ్చిన కాయ, ఒక్క కూడికతో మధ్యరకం అయిపోయింది. ఎవరూ ఒక్క కాయను కూడా కోసి చూడలేదు, చేతిలోకి తీసుకోలేదు.

"మీ దగ్గర పెద్దకాయ అంటే మా దగ్గర మధ్యరకం" అని కూడా ఒకాయన వాదించారు. అందుకే జాబితాలో పేరు గానీ అక్షరం గానీ ఒంటరిగా రాయకూడదని, పక్కనే గ్రాముల హద్దు రాయాలని నేను మొదటి నుంచీ పట్టుబడతాను. అంతర్జాతీయంగా వాడే కోడెక్స్ మామిడి ప్రమాణంలో 200 నుంచి 350 గ్రాముల కాయకు ఏ అని, 351 నుంచి 550 వరకు బీ అని, 551 నుంచి 800 వరకు సీ అని గుర్తులు పెట్టారు. అక్కడ ఏ అంటే అన్నిటికన్నా చిన్న కాయ. పరిమాణం వేరు, నాణ్యత వేరు అని కూడా ఆ ప్రమాణమే విడదీస్తుంది. పెద్దకాయకు తొక్క మీద మచ్చలుంటే అది పరిమాణంలో పెద్దదే, నాణ్యతలో మాత్రం కింది తరగతి. ఏ గ్రేడ్ అని మాత్రమే రాసి పంపితే చదివేవారు తమకు అనుకూలమైన అర్థం తీసుకుంటారు. మా జాబితాలో ప్రతి వరుసలోనూ గ్రాముల హద్దు స్పష్టంగా ఉంది. చదివే ఓపిక వాళ్ళకు లేకపోయింది.

బరువు రాశాక కాయల సంఖ్య దండగ అనేవారికి ఒక్క క్రేటు సంగతి చెబుతాను. మొన్న షెడ్డులో తూకం వేస్తుండగా మధ్యరకం క్రేటు ఒకటి నికరంగా 16.3 కిలోలే తూగింది. దాని పక్కనున్నవన్నీ 18.5 కిలోల దగ్గర ఉన్నాయి. చీటీ మీద 42 కాయలని ఉంది. ఆ లెక్కన సగటు 388 గ్రాములు వస్తుంది, అది కూడా మధ్యరకం హద్దులోనే ఉంది కాబట్టి బరువు మాత్రమే చూసేవారు దాన్ని అలాగే పంపేస్తారు. మేము కాయలు మళ్ళీ లెక్కపెట్టించాం. 37 ఉన్నాయి. అంటే గ్రేడింగ్ సరిగ్గానే జరిగింది, క్రేటు నింపడంలోనే అయిదు కాయలు తక్కువ పడ్డాయి. అదే 42 కాయలూ ఉండి బరువు తగ్గి ఉంటే, చిన్నకాయ కలిసిందని తేలేది, అప్పుడు క్రేటంతా గుమ్మరించి మళ్ళీ ఏరవలసి వచ్చేది. ఈ రెండు తప్పులనూ వేరుచేసి చూపగలిగేది కాయల సంఖ్య ఒక్కటే.

దారిలో జరిగేదానికీ ఇదే సాక్ష్యం. కోసిన కాయ నీటిని కోల్పోతూనే ఉంటుంది, ఎండలో లారీ ఆగితే ఇంకా ఎక్కువ కోల్పోతుంది, కనుక దిగేచోట బరువు కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదల మూడు గ్రేడుల్లోనూ ఇంచుమించు ఒకే పాళ్ళలో ఉండి, కాయల సంఖ్య మారకపోతే అది నీటి తరుగు. ఒక్క పెద్దకాయ వరుసలో మాత్రమే 14 కిలోలు తగ్గితే అది నీరు కాదు. సంఖ్య కూడా తగ్గితే కాయలు పోయినట్లు, సంఖ్య అలాగే ఉంటే పెద్దవి తీసి చిన్నవి పెట్టినట్లు. ఒక్క వరుస పుస్తకంలో ఈ తేడా ఎప్పటికీ కనపడదు. దిగుమతి చేసుకునేవారు ఆ ఒక్క వరుసనే ఇంత ఇష్టపడటానికి ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

ఖాళీ క్రేటు బరువు సంగతి ఎన్ని ఏళ్ళుగానో నా గుండెల్లో రగులుతూనే ఉంది. మా క్రేట్లు అడుగున పరిచిన కాగితంతో సహా ఒక్కొక్కటి 1.8 కిలోలు. పది పొడి క్రేట్లను ఒకేసారి కాటా మీద పెట్టి, వచ్చినదాన్ని పదితో భాగించి ఆ అంకె జాబితా తలపైన రాస్తాం. అక్కడ మాత్రం ఎవరి క్రేటైనా సరే 2.5 కిలోలని కోసేస్తారు. క్రేటుకు 700 గ్రాములు చిన్న విషయంగా తోచవచ్చు, కానీ 40 క్రేట్లకు అది 28 కిలోలు. పెద్దకాయ క్రేటు నికర బరువు 18.3 కిలోలే కదా, ఒకటిన్నర క్రేట్ల పెద్దకాయ ఉత్తపుణ్యానికి పోయినట్టే. కడిగిన క్రేటు తడిగా ఉంటే బరువెక్కువ తూగుతుందన్నది నిజమే, అనుమానముంటే మా ఎదుటే ఖాళీ చేసి తూచండి, మేము కాదనం. తూచకుండా కోసే అంకెకు మేము ఒప్పుకోవలసిన పని లేదు.

రేపటి లోడుకు జాబితా మూడు ప్రతులు రాస్తున్నాను. ప్రతి గ్రేడు వరుస చివర "అందిన కాయలు", "అందిన నికర బరువు" అని రెండు గడులు ఖాళీగా ఉంచాను. ప్రతి గ్రేడు నుంచి వాళ్ళు కోరిన రెండు క్రేట్లు విప్పి, కాయలు లెక్కపెట్టి, తూచి, ఆ గడులు నింపి, వరుసవరుసకూ సంతకం పెట్టాకే మిగతా క్రేట్లు లారీ దిగుతాయని పెదనాన్న ఇప్పుడే ఫోన్ చేసి వాళ్ళతో చెప్పారు.