సవరణ: ఎండాకాలంలో చికెన్ రెండు గంటలు కాదు, గంటే

"మార్కెట్ నుంచి చికెన్ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే చాలు" అని మొన్న రాశాను. అది తప్పు, సగం రూలే చదివి పెట్టేశాను.

అమెరికా వ్యవసాయ శాఖ ఫుడ్ సేఫ్టీ సూచనల ప్రకారం రెండు గంటలనేది మామూలు వాతావరణానికి, బయట 32 డిగ్రీలు దాటితే గంటే. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది కదా, కాబట్టి గంట లెక్కే పెట్టుకోండి, అదీ ఇంటికి బయల్దేరినప్పటి నుంచి కాదు, షాపువాడు కోసి కవర్లో వేసినప్పటి నుంచి. అందుకే కూరగాయలు, కిరాణా అన్నీ అయ్యాకే చివర్లో చికెన్ షాపుకి వెళ్ళండి.

ముందురోజే రెండు వాటర్ బాటిళ్ళు ఫ్రీజర్లో గడ్డకట్టించి, మూత ఉన్న ఐస్ బాక్స్‌లో పెట్టుకుని, చికెన్‌ని డబుల్ కవర్లో కట్టి వాటి మధ్యలో పెట్టండి. విడి ఐస్ వేస్తే కరిగిన నీళ్ళు కవర్లోకి పోతాయి. కొత్తిమీర, టమాటాలు వేరే సంచిలో, ఎందుకంటే పచ్చిగా తినే వాటికి చికెన్ నీళ్ళు తగిలితే కడిగినా గ్యారంటీ లేదు. స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టకండి, కింద ఇంజిన్ వేడి. వాసన రాలేదు కదా అని కూడా నమ్మొద్దు, జబ్బు చేసే బ్యాక్టీరియాకి వాసన ఉండకపోవచ్చు.