పొగ రాని ఫ్లేర్‌ను చూసి మురిసిపోకండి

రిఫైనరీలో వదిలించుకోవాల్సిన గ్యాస్‌ను స్టాక్ అనే ఎత్తైన గొట్టం కొసన కాల్చే ఫ్లేర్ నల్లగా పొగ చిమ్మితే చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేస్తారు. పొగ ఆగిపోయి మంట కంటికి ఆనకుండా పోతే అంతా సర్దుకుందనుకుంటారు. యాజమాన్యం మాటా అదే, తనిఖీకి వచ్చినవాళ్లు రాసుకునేదీ అదే. కానీ కనీకనపడని ఆ మంటే ఒక్కోసారి ఎక్కువ హాని చేస్తుంది. పొగను అణచడానికి తోసే ఆవిరి మోతాదు మించితే గ్యాస్ కాలకుండానే గాలిలో కలుస్తుంది. హైడ్రోకార్బన్ వాయువుకు రంగుండదు కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు.

ఫ్లేర్ ఎందుకో పాఠకులకు తెలిసిందే. యూనిట్ ట్రిప్ అయినా, కరెంటు పోయినా పాత్రల్లో పీడనం పెరిగి రిలీఫ్ వాల్వులు తెరుచుకుంటాయి. ఆ గ్యాస్ హెడర్ పైపులోంచి నాకౌట్ డ్రమ్‌కు వెళ్లి, అక్కడ ద్రవాన్ని వదిలేసి, వాటర్ సీల్ దాటి స్టాక్ కొసన పైలట్ మంట దగ్గర అంటుకుంటుంది. ఇది లేకపోతే పాత్రలు పేలతాయి. దాని మీద తగవు లేదు. తగవంతా ఏ ప్రమాదమూ లేని మామూలు రోజున ఆ కొసన ఎందుకు, ఏం కాలుతోందన్నదే.

మామూలు రోజున అక్కడికి చేరేది సరిగా మూసుకోని రిలీఫ్ వాల్వుల లీకేజీ, గాలి లోపలికి రాకుండా హెడర్‌లోకి వదిలే పర్జ్ గ్యాస్, ఫర్నేసులు వాడుకోలేక మిగిలిన ఇంధన గ్యాస్. ఇది స్టాక్ సామర్థ్యంలో ఒక శాతం కూడా ఉండకపోవచ్చు. కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. ఫ్లేర్ కొసను తయారుచేసేది మహా విపత్తుకు, అది నడిచేది ఏడాదంతా చిన్న ప్రవాహంతో.

బరువైన హైడ్రోకార్బన్లకు గాలి చాలకపోతే మసి పుడుతుంది. అందుకే కొస చుట్టూ నాజిళ్లలోంచి ఆవిరి చిమ్ముతారు. అది గాలిని లోపలికి లాగి గ్యాస్‌తో కలుపుతుంది, మసి తగ్గుతుంది. హద్దు దాటితే అదే ఆవిరి మంటను చల్లార్చి, గ్యాస్‌ను పలచన చేస్తుంది. గమనించేవాళ్లకు గుర్తులు తెలుసు: మంట పసుపు రంగు కోల్పోయి పారదర్శకంగా మారుతుంది, కొసను వదిలి కాస్త పైకి లేస్తుంది, పక్కనే తెల్లటి ఆవిరి మేఘం కనిపిస్తుంది, చప్పుడు పెరుగుతుంది. మంట బాగా కాలేది పొగ మొదలయ్యే అంచుకు కాస్త ఇవతల, నారింజ రంగు ఛాయ ఇంకా ఉన్నప్పుడు. అమెరికాలో టెక్సాస్ పర్యావరణ సంస్థ 2010లో చేయించిన ప్రయోగాలు ఈ సంగతే నిరూపించాయి. తక్కువ ప్రవాహం, తక్కువ వేడిమి ఉన్న గ్యాస్‌కు ఆవిరి పెంచితే, అప్పటి నిబంధనలు పాటిస్తూనే దహనం 98 శాతానికి బాగా దిగువకు పడిపోయింది.

ఒక లెక్క వేద్దాం. గంటకు 1,000 ఘనపు మీటర్ల వ్యర్థ గ్యాస్ వస్తోందనుకోండి. అందులో సగానికి పైగా నైట్రోజన్. హైడ్రోకార్బన్లు సుమారు 420 కిలోలు, వేడిమి ఘనపు మీటరుకు 20 మెగాజౌళ్లు. ఆవిరి కూడా కలిశాక మంట మండే చోట ఆ వేడిమి కనీసం 10 మెగాజౌళ్లు ఉండాలి. అంటే గ్యాస్ ఎంతో ఆవిరీ అంతే, 1,000 ఘనపు మీటర్లు, బరువులో సుమారు 760 కిలోలు. అంతవరకే అనుమతి. ఆవిరి వాల్వును వదిలేసి గంటకు 2,000 కిలోలు పోనిస్తే వేడిమి 5.5 దగ్గరకు దిగుతుంది. దహనం 98 శాతం ఉన్నప్పుడు కాలకుండా పోయేది గంటకు 8 కిలోలు, రోజుకు 200. అది 90 శాతానికి దిగితే గంటకు 42 కిలోలు, రోజుకు సుమారు వెయ్యి. చూసేవాళ్లకు రెండోదే శుభ్రమైన మంట! కాలని దాంట్లో మీథేన్ ఉంటుంది, గ్యాస్ మూలాన్ని బట్టి బెంజీన్ కూడా ఉండొచ్చు. కాలిన దాంట్లోంచి కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. గంధకం సంగతి వేరు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత చక్కగా కాలినా పోయేదేమీ ఉండదు. కిలోకు దాదాపు 1.9 కిలోల సల్ఫర్ డయాక్సైడై బయటికొస్తుంది. దాన్ని తీసేయాల్సింది మంటకు ముందే.

ఇంతకీ ఆపరేటర్లు వాల్వును ఎందుకు బార్లా తెరుస్తారు? నిబంధనే అలా నేర్పింది. అమెరికా చట్టంలో ఫ్లేర్ పొగ వరుసగా రెండు గంటల్లో 5 నిమిషాలు దాటకూడదు. పొగకు జరిమానా ఉంది, అదృశ్య గ్యాస్‌కు చాలాకాలం ఏమీ లేదు. కంట్రోల్ రూములో కెమెరా తెర మీద మసి గీత కనబడగానే చేయి వాల్వు మీదకు పోతుంది. తిరిగి తగ్గించమని చెప్పేవాడు లేడు. చివరకు 2015లో అమెరికా పర్యావరణ సంస్థ రిఫైనరీ ఫ్లేర్లకు మంట మండే చోట ఘనపుటడుగుకు కనీసం 270 బీటీయూ వేడిమి ఉండాలంది, దాన్ని ప్రతి 15 నిమిషాలకూ లెక్కించమంది. పై లెక్కలో 10 మెగాజౌళ్లు అదే.

పరిశ్రమ జవాబు ఒకటుంది: కొస కరిగిపోకుండా చల్లబరచడానికి కనీస ఆవిరి తప్పనిసరి, తగ్గించమనడం తెలియనితనం అని. నిజమే. అయితే ఆ కనీసాన్ని భరించలేనంత చిన్న ప్రవాహం ఉన్నప్పుడు తప్పు ఆవిరిది కాదు, ఆ కొసను రోజూ వాడుతున్న పద్ధతిది.

కాబట్టి మందు రోజువారీ గ్యాస్‌ను ఫ్లేర్ దాకా పోనివ్వకపోవడమే. ముందు లీకేజీ పట్టుకోవాలి. మూసి ఉన్న రిలీఫ్ వాల్వు తర్వాతి పైపు వాతావరణ వేడిలోనే ఉండాలి. అది వేడెక్కినా, మంచు పట్టినా వాల్వు కారుతున్నట్టే. అల్ట్రాసోనిక్ పరికరం పెట్టి వింటే బుస వినిపిస్తుంది. రెండోది ఫ్లేర్ గ్యాస్ రికవరీ. హెడర్ చివర వాటర్ సీల్‌లో నీటిమట్టం పెంచితే చిన్న ప్రవాహం దాన్ని దాటలేదు. 75 సెంటీమీటర్ల నీరు సుమారు 7 కిలోపాస్కల్‌ల పీడనాన్ని ఆపుతుంది. ఆ వెనక నిలిచిన గ్యాస్‌ను లిక్విడ్ రింగ్ కంప్రెసర్ లాగి, ఎమీన్ ద్రావణంతో గంధకం తీసి, ఇంధన గ్యాస్ లైనులోకి పంపుతుంది. పెద్ద ప్రమాదమొస్తే గ్యాస్ నీటిని నెట్టుకుని స్టాక్‌కు పోతుంది, భద్రత చెక్కుచెదరదు. మట్టం తక్కువైతే సీల్ ముందే తెగుతుంది. నీరు ఊగిసలాడితే మంట ఆగి ఆగి ఎగసిపడుతుంది, దూరం నుంచి చూసినా తెలుస్తుంది. దీనికొక హద్దు: ఇంధన గ్యాస్ ఇప్పటికే పొంగిపొర్లుతున్న రిఫైనరీలో రికవరీ వల్ల ఒరిగేదేమీ లేదు. బయట కొనే సహజవాయువును ముందు తగ్గించుకోవాలి.

నా అసలు కోపం లెక్కల మీద. కాలుష్య నివేదికల్లో ఫ్లేర్ ఉద్గారాలు చాలాచోట్ల కొలిచినవి కావు. 98 శాతం కాలిందని ముందే ఒప్పేసుకుని గుణించినవి. పై లెక్కలో ఆ ఒక్క ఊహ తప్పితే తేడా ఐదు రెట్లు. నివేదికలో దశాంశాలు మాత్రం మూడంకెల దాకా ఉంటాయి. గ్యాస్ ప్రవాహం, ఆవిరి ప్రవాహం, వేడిమి, ఈ మూడింటినీ ఎప్పటికప్పుడు కొలిచే మీటర్లు దొరుకుతాయి. అవి లేని ఫ్లేర్ పనితీరు శాతం ఎవరు రాసినా ఊహే. అమెరికా నిబంధనల ప్రకారం 24 గంటల్లో మామూలు మోతాదును 5 లక్షల ఘనపుటడుగులు మించి ఫ్లేర్ చేస్తే, మూలకారణం 45 రోజుల్లోపు తేల్చాలి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 2005 నాటి నిబంధన మేరకు ప్రతి రిఫైనరీ ఫ్లేరింగ్ తగ్గింపు ప్రణాళిక సమర్పించాలి. ఇంకెక్కడైనా పొగ ఫోటో పట్టుకుని తనిఖీకి వెళ్లేవాళ్లు ముందుగా అడగాల్సింది గంటగంటకూ పోయిన ఆవిరి ప్రవాహ పట్టికను.