మూడూ కావాలనే మంత్రిగారు

కొన్నేళ్లకోసారి ప్రపంచంలో ఏదో ఒక మూల ఒక ఆర్థిక మంత్రి మైకుల ముందుకు వచ్చి, "మా కరెన్సీ విలువ తగ్గించే ప్రసక్తే లేదు" అని ప్రకటిస్తారు. వెనక జెండా ఉంటుంది. పక్కన కేంద్ర బ్యాంకు గవర్నరు నేలచూపులు చూస్తుంటారు. మర్నాడు పత్రికలో ఒక నిపుణుడు, మంత్రిగారిది దృఢ సంకల్పం కాబట్టి మార్కెట్లు తల వంచక తప్పదని రాస్తాడు. నా బాధంతా ఈ దృఢ సంకల్పంతోనే. ఇతర రంగాల్లో దాని మహిమ ఎంతటిదో నాకు తెలియదు కానీ, కూడికలూ తీసివేతల మీద అది పనిచేసిన దాఖలా మాత్రం ఇంతవరకూ లేదు.

మంత్రిగారు కోరేవి మూడు. తమ కరెన్సీకీ పరాయి కరెన్సీకీ మధ్య మారకం రేటు కదలకూడదు. పెట్టుబడులు ఏ ఆంక్షలూ లేకుండా సరిహద్దులు దాటి వచ్చిపోవాలి. వడ్డీరేట్లు మాత్రం స్వదేశపు అవసరాన్ని బట్టి తామే నిర్ణయించుకోవాలి. వీటిలో ఏ రెండు కోరుకున్నా మూడోది చేజారుతుందన్న సంగతి 1960ల మొదట్లో రాబర్ట్ మండెల్, మార్కస్ ఫ్లెమింగ్‌ల పరిశోధనల్లోంచి తేలింది. దాన్నే అసాధ్య త్రయం అంటున్నాం. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. పాపం, వాడు అడిగింది రెండే.

ఎందుకు కుదరదో తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మారకం రేటు కదలదని మీరు హామీ ఇచ్చారు. పక్క దేశంలో వడ్డీ ఎక్కువ, మీ దగ్గర తక్కువ. డబ్బున్నవాడు దాన్ని మీ దగ్గరే ఎందుకు ఉంచుతాడు? అక్కడికి తీసుకుపోతాడు. అందుకు ముందుగా మీ కరెన్సీని అమ్ముతాడు. అందరూ అమ్ముతుంటే రేటు పడిపోకుండా మీ కేంద్ర బ్యాంకే దాన్ని కొనాలి. కొనడానికి దాచుకున్న విదేశీ మారక నిల్వలు తీయాలి. నిల్వలకు అడుగు ఉంటుంది. ఆ అడుగు కనబడక ముందే మీ వడ్డీని పక్క దేశపు వడ్డీ దాకా పెంచాలి. అంటే మీ వడ్డీరేటును నిర్ణయించేది పక్క దేశమే.

హాంకాంగ్ ఈ నిజాన్ని ఒప్పుకుంది. 1983 నుంచి తన డాలరును అమెరికా డాలరుకు కట్టేసి, వడ్డీరేటు పెత్తనం అమెరికాకు వదిలేసింది. ఒప్పుకోని పెద్దమనుషుల కథ చూడాలంటే 1992 నాటి బ్రిటన్‌కు వెళ్లాలి.

బ్రిటన్ 1979లోనే విదేశీ మారకంపై ఆంక్షలు ఎత్తేసింది. అంటే త్రయంలో ఒకటి దక్కింది. 1990 అక్టోబరులో యూరోపియన్ మారకపు రేటు వ్యవస్థలో చేరింది. పౌండుకు 2.95 జర్మన్ మార్కులు కేంద్ర రేటు. ఆరు శాతం అటూఇటూ ఊగవచ్చు కానీ 2.778 మార్కుల కంటే కిందికి దిగకూడదు. అలా రెండోదీ దక్కింది. మూడోది ఎవరి చేతికి పోయిందంటే, జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ చేతికి.

సరిగ్గా అదే కాలంలో జర్మనీ ఏకమైంది. తూర్పు భాగం కోసం ప్రభుత్వం విరివిగా ఖర్చు పెట్టింది, ధరలు పెరిగాయి, వాటిని అణచడానికి బుండెస్‌బ్యాంక్ వడ్డీలు పెంచుతూ పోయి 1992 జులైలో, బ్యాంకులకు తానిచ్చే అప్పుల మీది డిస్కౌంట్ రేటును 8.75 శాతానికి చేర్చింది. వాళ్ల జబ్బుకు అది సరైన మందే. బ్రిటన్‌లో అప్పుడు ఆర్థిక మాంద్యం. అక్కడ కావలసింది చవక వడ్డీ. కానీ పౌండు మార్కుకు కట్టేసి ఉంది కాబట్టి పక్క మంచం మీది రోగి మందు బ్రిటన్ మింగాల్సి వచ్చింది. పది శాతం వడ్డీని తగ్గించే వీలు లేకపోయింది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు వ్యంగ్యం చేతకాని చోటు ఇది. బ్రిటన్‌లో అప్పట్లో ఇంటి అప్పుల్లో అత్యధికం చర వడ్డీవి. కేంద్ర బ్యాంకు రేటు మారితే ఇంటి వాయిదా మారేది. ఒక్క 1991లోనే వాయిదాలు కట్టలేక 75 వేలకు పైగా కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. అన్నిటికీ మారకం రేటే కారణమని నేను అనను, అంతకు ముందు ఇళ్ల ధరలు ఉబ్బి పగలడమూ ఉంది. కానీ వాళ్ల గొంతు మీద నుంచి కాలు తీసే అధికారం తమ చేతిలో ఉన్నట్టు ప్రభుత్వం నటించింది. ఆ అధికారం బుండెస్‌బ్యాంక్ ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉందన్న నిజాన్ని ఎవరికీ చెప్పలేదు. ఏ ఎన్నికల సభలోనైనా "మీ ఇంటి వాయిదా ఇకపై జర్మనీ ధరలను బట్టి ఉంటుంది" అని ఒక్క మంత్రి అన్నాడా? ఆ మాట చెప్పి ఓటు అడిగి ఉంటే దాన్ని విధానం అనేవాణ్ణి. చెప్పకుండా చేసినదాన్ని మోసం అంటాను.

సరే, మళ్లీ గంభీరంగా మాట్లాడుకుందాం. 1992 సెప్టెంబరు మొదట్లో యూరప్ ఆర్థిక మంత్రులు బాత్ నగరంలో సమావేశమయ్యారు. అధ్యక్షత వహించిన బ్రిటన్ ఆర్థిక మంత్రి నార్మన్ లామంట్, బుండెస్‌బ్యాంక్ అధ్యక్షుడు హెల్ముట్ ష్లెసింగర్‌ను వడ్డీ తగ్గించమని ఒకటికి నాలుగుసార్లు నిలదీశారు. ష్లెసింగర్‌కు చిర్రెత్తి లేచిపోబోయారు. స్వతంత్ర ద్రవ్య విధానం ఉందని చెప్పుకునే దేశపు మంత్రి తన దేశంలో వడ్డీ తగ్గడం కోసం పరాయి దేశపు అధికారిని బతిమాలుతున్నారు. అసాధ్య త్రయాన్ని ఇంతకంటే బాగా ఏ పాఠ్యపుస్తకమూ వివరించలేదు. సెప్టెంబరు 10న ప్రధాని జాన్ మేజర్ గ్లాస్గోలో మాట్లాడుతూ, పౌండు విలువ తగ్గించడం దేశ భవిష్యత్తుకు ద్రోహం అన్నారు. ద్రోహానికి ఇంకా ఆరు రోజులుంది.

సెప్టెంబరు 16, బుధవారం. ఒక ఫండ్ మేనేజరును ఊహించుకోండి. కోటి పౌండ్లు అప్పు తెచ్చి 2.778 చొప్పున అమ్ముతాడు. ఎదుట కొనేది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. రేటు అట్టడుగును తాకాక ఎవరు ఎన్ని తెచ్చినా కొనక తప్పదన్నది నిబంధన. మేనేజరు 2 కోట్ల 77 లక్షల 80 వేల మార్కులు పుచ్చుకుని వెళ్తాడు. అయితే కేంద్ర బ్యాంకు ఇలా పౌండ్లు కొంటూ పోతే అవి బజారులో కరవై, బ్యాంకుల మధ్య వడ్డీ ఆకాశానికి అంటుతుంది. అది జరగకూడదంటే కొన్న పౌండ్లనే ఆ బ్యాంకు మళ్లీ వాణిజ్య బ్యాంకులకు అప్పుగా ఇవ్వాలి. అవి మేనేజరుకు అప్పిస్తాయి. ఆయన వాటిని పట్టుకుని మళ్లీ ప్రత్యక్షమవుతాడు. "అయ్యా, మళ్లీ నేనే." కొనక తప్పదు కదా, కొంటారు. పౌండ్లు ఒక ద్వారం నుంచి లోపలికి, ఇంకో ద్వారం నుంచి బయటికి. నిల్వల్లోని మార్కులు మాత్రం ఒకే ద్వారం నుంచి, ఒకే దిక్కుకు. సాయంత్రం నాలుగింటి దాకా ఈ ఉత్సవం నడవాలి.

ఉదయం 11 గంటలకు వడ్డీని 10 నుంచి 12 శాతానికి పెంచారు. మధ్యాహ్నం రెండు దాటాక, రేపటి నుంచి 15 అన్నారు. పౌండు కదల్లేదు. ఎందుకో మేనేజరు లెక్క చూడండి. 15 శాతం అన్నది ఏడాదికి. వారం రోజులకు 0.3 శాతం కూడా కాదు, అంటే కోటి పౌండ్ల మీద 29 వేల పౌండ్లు. ఆయన ఎదురుచూస్తున్నది పది శాతం పతనం, అంటే పౌండ్లను చవగ్గా తిరిగి కొని అప్పు తీర్చేశాక మిగిలే పది లక్షలు. పౌండు పడితే పది లక్షలు వస్తాయి, పడకపోతే 29 వేలు పోతాయి. పైపెచ్చు వడ్డీ పెంచినకొద్దీ సొంత ఓటర్ల ఇళ్లే పోతాయని, అందుకే ఈ పెంపు నిలవదని ఆయనకు తెలుసు. ప్రభుత్వం బెదిరించింది మేనేజరును, వణికింది అప్పున్న గృహస్థుడు.

వారంలో పది శాతం పడుతుందనుకునేవాణ్ణి వడ్డీతో ఆపాలంటే ఏడాదికి 520 శాతం కావాలి. పరిహాసం కాదు, అదే రోజు స్వీడన్ కేంద్ర బ్యాంకు ఒక రాత్రి అప్పుల మీది వడ్డీని 500 శాతం చేసింది. అంతటి సంకల్పమూ రెండు నెలలే నిలిచింది. నవంబరు 19న తమ కరెన్సీ క్రోనాను వదిలేశారు.

ఈ లోగా లండన్‌లో ప్రధాని అడ్మిరాల్టీ హౌస్‌లో ఉన్నారు, అధికార నివాసంలో మరమ్మతులు జరుగుతున్నాయి. సీనియర్ మంత్రులు డగ్లస్ హర్డ్, మైకేల్ హెసెల్టైన్, కెన్నెత్ క్లార్క్‌లను పిలిపించారు. మార్కెట్ రేట్లు చూపే తెర ఒక్కటీ ఆ భవనంలో లేదు. బయట లోకమంతా పౌండు రేటును క్షణక్షణం చూస్తుండగా, దాన్ని కాపాడవలసినవాళ్లు గదిలో కూర్చుని కబురు కోసం ఎదురుచూశారు. దేశంలో అందరికంటే తక్కువ తెలిసింది తమకేనని క్లార్క్ తర్వాత ఒప్పుకున్నారు. నిజానికి తెర ఉన్నా ఏం చేసేవారు? సంకల్పాన్ని ఇంకాస్త దృఢపరిచేవారు.

రాత్రి ఏడున్నర దాటాక లామంట్ విలేకరుల ముందుకు వచ్చి, వ్యవస్థ నుంచి బ్రిటన్ తప్పుకుంటోందని ప్రకటించారు. 15 శాతం వడ్డీ అమలుకు రాకముందే రద్దయింది. కొద్ది వారాల్లో పౌండు 2.50 మార్కుల దరిదాపులకు దిగింది. 1993 జనవరికల్లా వడ్డీ 6 శాతానికి వచ్చింది. "ద్రోహం" జరిగాక వస్తుందన్న ధరల మంట రాలేదు, వాయిదాలు తగ్గాయి, ఆర్థిక వ్యవస్థ లేచి నిలబడింది.

ఆ తర్వాత తప్పెవరిదన్న ప్రశ్న వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అందరి వేళ్లూ పౌండు పతనం మీద పందెం కాసిన ఫండ్ అధిపతి జార్జ్ సోరోస్ వైపు తిరిగాయి. ఆయన ఫండ్ దాదాపు వంద కోట్ల డాలర్లు సంపాదించింది, నిజమే. ఆయన మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ 2.778కి ఎన్నైనా కొంటామని బోర్డు పెట్టింది ఆయన కాదు. ఆ బోర్డు పెట్టినవాళ్లు పోగొట్టినది ఖజానా లెక్కలో 330 కోట్ల పౌండ్లు. పోయింది ప్రజల సొమ్ము. ఆ లెక్క ప్రజలకు తెలిసింది 2005లో, అదీ సమాచార హక్కు చట్టం కింద పత్రికలవాళ్లు అడిగితే.