గోంగూర పచ్చడిలో ప్రేమ ఎంత?

‘తిన్నారా?’ అని మన దగ్గర అందరూ అందరినీ అడుగుతారు. పక్కింటావిడ అడుగుతుంది, ఆటో స్టాండులో తెలిసినతను అడుగుతాడు, ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అడుగుతాడు. వాళ్లెవరూ మన ఆకలి గురించి రాత్రంతా బెంగపడరని మనకి తెలుసు. అదే మాట మనం ఇష్టపడే మనిషి నోటివెంట వస్తే, అదీ ఇంట్లో మాట్లాడే దిక్కులేని రోజుల్లో వస్తే, ఇక ఆ రాత్రి నిద్ర పట్టదు.

అలాంటప్పుడు అందరం వేసుకునే ప్రశ్న ఒకటే: ‘దీనర్థం ఏమయ్యుంటుంది?’ ఈ ప్రశ్నతోనే తేడా వస్తుందని నా అభిప్రాయం. ఆశలో ఉన్నవాడికి ఒక అర్థం, దెబ్బ తిన్నవాడికి ఇంకో అర్థం, వెతక్కుండానే దొరికేస్తాయి. దాని బదులు ‘నా మీద ప్రత్యేకమైన అభిప్రాయం ఏమీ లేకపోయినా ఇది జరిగి ఉండేదా?’ అని అడిగి చూడండి. ఇది కొంచెం చప్పగా ఉండే ప్రశ్న. అందుకే ఎవరూ అడగరు.

ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. ముప్పై ఆరేళ్ల మనిషి, విడాకులై రెండేళ్లయింది. కాకినాడ నుంచి హైదరాబాద్ బదిలీ అయి కొండాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఒక్కడే ఉంటున్నాడు. ఆఫీసులో ఒక సహోద్యోగిని అంటే ఇష్టం ఏర్పడింది. ఆమెకీ ఉందని అతని నమ్మకం. ఎందుకని అడిగితే వేళ్లు మడిచి చెబుతాడు: ఇంటి నుంచి గోంగూర పచ్చడి తెచ్చి ముందు నాకే పెట్టింది, ‘మీకు కారం పడుతుందా?’ అని కూడా అడిగింది. జ్వరమొచ్చి సెలవు పెడితే ‘ఎలా ఉంది, టేక్ కేర్’ అని మెసేజ్ చేసింది. క్యాంటీన్‌లో నా కోసం కుర్చీ పట్టి ఉంచింది. రాత్రి పదకొండున్నరకి నా స్టేటస్ చూసింది. వాళ్లమ్మగారి ఆరోగ్యం బాగాలేదని నాతో చెప్పుకుంది.

ఐదు ఆధారాలు. వింటుంటే నిజమే కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఆ చప్పటి ప్రశ్న ఒక్కొక్కదాని పక్కనా పెడదాం.

పచ్చడి టీమ్ మొత్తానికీ తెచ్చింది. అతని సీటు తలుపు పక్కన కాబట్టి డబ్బా ముందు అక్కడ తెరుచుకుంది. కారం సంగతి మిగతావాళ్లనీ అడిగే ఉంటుంది, ఎవరికైనా పెట్టేముందు మనవాళ్లు అడిగే మాటే అది. ‘టేక్ కేర్’ కోసం ఆఫీసు గ్రూపులో పైకి వెళ్లి చూస్తే, అంతకుముందు నెలలో కాలు బెణికిన ఇంకొకతనికీ అదే మెసేజ్, అదే ఎమోజీతో కనిపిస్తుంది. క్యాంటీన్‌లో ఎవరు ఆలస్యమైతే వాళ్లకి కుర్చీ పట్టడం ఆమెకి అలవాటు. స్టేటస్ సంగతి చెప్పనే అక్కర్లేదు, వేలు జరిపితే వరసగా అందరివీ వస్తాయి. మిగిలింది వాళ్లమ్మగారి విషయం. అది మాత్రం ఆమె అందరితో చెప్పలేదు. ఐదింటిలో ఒకటి నిలబడింది. అది కూడా నమ్మకానికి గుర్తు. నమ్మకం ఉన్నచోట ఇంకేదో ఉందో లేదో దాన్నిబట్టి చెప్పలేం.

ఇందులో చిన్న లెక్క దాగి ఉంది. లెక్క కోసం అనుకుందాం: పరిచయం ఉన్న ఇరవై మంది సహోద్యోగినుల్లో మనమీద నిజంగా ఇష్టం ఉన్నది ఒక్కరికే. ఆ ఒక్కరూ పచ్చడి తప్పకుండా పెడతారు. మిగతా పంతొమ్మిది మందిలో ఆరుగురు అందరికీ పెట్టే స్వభావం ఉన్నవాళ్లు. అంటే పచ్చడి పెట్టినవాళ్లు ఏడుగురు, వాళ్లలో ఇష్టం ఉన్నది ఒకరికి. పచ్చడి వల్ల మన అవకాశం ఇరవైలో ఒకటి నుంచి ఏడులో ఒకటికి పెరిగింది. ఏమీ లేదని కొట్టిపారేయలేం, పెళ్లి ముహూర్తం దాకా వెళ్లాల్సిన పనీ లేదు. సైగ ఎంత అరుదైతే, మనకొక్కరికే ఎంత పరిమితమైతే అంత బరువు. ఎంత తియ్యగా అనిపించిందన్న దానితో ఈ లెక్కకి సంబంధం లేదు.

అతను చెప్పని విషయాలు వేరే ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఆమె ముందుగా ఎప్పుడూ మెసేజ్ చేయలేదు. అతను రాసిన రెండు పొడుగాటి మెసేజ్‌లకి బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంది. బయట భోజనానికి వెళ్దామని రెండుసార్లు అడిగితే ‘ఇంట్లో పనుందండీ’ అంది, ఇంకో రోజు వెళ్దామని మాత్రం అనలేదు. నా దృష్టిలో మొత్తం కథలో అన్నిటికన్నా బరువైన ఆధారం ఇదే. నిజంగా పని ఉండి, రావాలనీ ఉన్నవాళ్లు ‘ఈ వారం కుదరదు, వచ్చే వారం చూద్దామా?’ అంటారు. అయినా ఇవి అతని జాబితాలో లేవు. అబద్ధం చెబుతున్నాడని కాదు. జరిగినది గుర్తుంటుంది, జరగనిది గుర్తుండదు.

ఒంటరితనం ఈ జ్ఞాపకాన్ని ఇంకాస్త వంచుతుంది. అమెరికాలో వెండీ గార్డ్‌నర్, ఇద్దరు సహ పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరిని ఉత్తుత్తి చాట్ రూముల్లో కూర్చోబెట్టి, కొందరిని కలుపుకున్నట్టు, కొందరిని పక్కన పెట్టినట్టు అనిపించేలా చేశారు. తర్వాత ఎవరిదో డైరీ చదవమన్నారు. పక్కన పెట్టబడ్డవాళ్లకి ఆ డైరీలో మనుషుల మధ్య జరిగిన సంగతులు ఎక్కువగా గుర్తున్నాయి. ఆకలి మీదున్నవాడి కంటికి దారంతా టిఫిన్ సెంటర్లే కనబడ్డట్టు. గమనించండి, వాళ్లు లేనిది కల్పించుకోలేదు. ఉన్నదాంట్లోంచే తమకి కావలసింది ఏరుకున్నారు. కాబట్టి ‘నేనేమైనా ఊహించుకుంటున్నానా, నిజంగానే అంది కదా!’ అనే వాదన చెల్లదు. నిజంగానే అంది. పక్కనే ఇంకా చాలా అంది, అవి జారిపోయాయి.

ఆశ విషయంలో మగవాళ్ల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆంటోనియా ఆబే 1982లో ప్రచురించిన ప్రయోగంలో ఒకరికొకరు పరిచయం లేని అబ్బాయి, అమ్మాయి 5 నిమిషాలు మాట్లాడుకున్నారు. మరో అబ్బాయి, అమ్మాయి చాటు నుంచి చూశారు. మాట్లాడిన అబ్బాయే కాదు, చాటు నుంచి చూసిన అబ్బాయి కూడా, ఆ అమ్మాయి మామూలు స్నేహభావంలో అమ్మాయిలకి కనిపించనంత ఆకర్షణ చూశాడు. చాటునున్నవాడికి అక్కడ వ్యక్తిగతంగా పోయేదీ వచ్చేదీ లేదు. కాబట్టి మగ స్నేహితుణ్ని సలహా అడిగితే అతనూ అదే కళ్లద్దాలు పెట్టుకుని చూసే అవకాశం ఉంది. పైగా అతనికి అందేది మనం ఏరి చెప్పిన ఐదు సంగతులే. ‘పక్కా మామా, ఇంకా ఆలోచిస్తావేంట్రా’ అనక ఏమంటాడు? సలహా పనికిరావాలంటే రెండుసార్లు భోజనానికి రాని సంగతి ముందు చెప్పాలి, పచ్చడి సంగతి తర్వాత. ఈ పొరపాటు ఖర్చు ఒక్కరి మీదే పడదు కూడా. ఆఫీసుల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఆమెకి ఇష్టం లేని ప్రవర్తనని లెక్కలోకి తీసుకుంటుంది. ‘నాకు సిగ్నల్ ఇచ్చిందనుకున్నాను’ అనే మాట అక్కడ నిలబడదు. అది అలా ఉంచితే, అందరితో నవ్వుతూ మాట్లాడే ఆడవాళ్లు ఇలాంటి అనుభవం ఒకటి రెండయ్యాక నవ్వడం తగ్గించేస్తారు. ఆ నష్టం ఆఫీసు మొత్తానిదీ.

పాత గాయం ఇదే పని తిరగేసి చేస్తుంది. మన ఉదాహరణలో మనిషే ఒక సోమవారం ఏదో ఫైలు పంపాడు. ఎప్పుడూ ‘థాంక్యూ అండీ’ అనే ఆమె ఈసారి ‘ఓకే’ అని మాత్రం పెట్టింది. అతనికి గుండె దడ. మాజీ భార్య గొడవకి ముందు ఇలాగే ముక్తసరిగా మాట్లాడేది. మధ్యాహ్నానికల్లా ఆమెకి కోపం వచ్చిందని తేల్చేసుకున్నాడు, సాయంత్రానికి తనే ముఖం తిప్పుకున్నాడు. మర్నాడు ఆమె కూడా ముభావంగా ఉంది. ‘చూశావా, నేను అనుకున్నదే!’

డార్ట్‌మత్ కాలేజీలో క్లెక్, స్ట్రెంటా అనే ఇద్దరు 1980లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. కొందరి ముఖం మీద మేకప్‌తో మచ్చ పెట్టి అద్దంలో చూపించారు. తర్వాత చర్మం పొడిబారకుండా ఏదో రాస్తున్నామని చెప్పి, వాళ్లకి తెలియకుండా ఆ మచ్చ తుడిచేశారు. మచ్చ ఉందనే నమ్మకంతో వాళ్లు ఒక అపరిచితుడితో మాట్లాడొచ్చి, అవతలివాళ్లు ఇబ్బంది పడ్డారనీ చూపు తిప్పుకున్నారనీ చెప్పారు. ఎదుటివాళ్లు మామూలుగానే చూపు తిప్పి ఉంటారు. మాట్లాడేటప్పుడు ఎవరైనా కొంతసేపు కళ్లలోకి, కొంతసేపు పక్కకి చూస్తారు. ఆ మామూలు కదలికకి ఇక్కడ కారణం ముందే సిద్ధంగా ఉంది.

గాయం మాట్లాడుతోందా, కళ్ల ముందున్నది మాట్లాడుతోందా అని ఎలా తెలుస్తుంది? నాకు తెలిసినంతలో ఒక గుర్తు, తీర్పు వచ్చిన వేగం. ‘ఓకే’ చదివిన రెండు సెకన్లలో కోపమని తేలిపోతే, ఆ తీర్పు చాలావరకు పాతదే. అదే ‘ఓకే’ అకౌంట్స్ నుంచి వస్తే ఏమనుకునేవాళ్లమో చూసుకోవడం మరో దారి. అన్నిటికన్నా గట్టిది ముందుగా రాసి పెట్టడం: ఆమెకి నిజంగా కోపమైతే రేపు ఏం జరగాలి? మీటింగులో నా ప్రశ్నకి జవాబు ఇవ్వకూడదు, టీకి పిలవకూడదు. రాసి, మనం మాత్రం ఎప్పటిలాగే ఉండి, రేపు చూడాలి. ఎప్పటిలాగే ఉండటం తప్పనిసరి, లేకపోతే మన ముభావానికి వచ్చిన జవాబునే సాక్ష్యం కింద రాసుకుంటాం.

ఈ లెక్కలకీ హద్దుంది. రోజూ రాత్రి కూర్చుని ఆమె మెసేజ్‌లు లెక్కపెట్టేవాడు తనని తాను సరిదిద్దుకుంటున్నానని అనుకుంటాడు గానీ, చేసేది మళ్లీ మళ్లీ తవ్వుకోవడమే. ఒక్కసారి రాసి వదిలేయాలి. ఇంకా తెలియాలనే ఉంటే, ఎదుటి మనిషి సులువుగా కాదనగలిగేలా ఒక్కసారి తిన్నగా అడగొచ్చు. ‘చూద్దామండీ’ అంటే వద్దన్నట్టే తీసుకోవాలి. మన మర్యాదలో ‘వద్దు’కి ఉన్న రూపాల్లో అదొకటి. ఈ ఉదాహరణలో రెండుసార్లు అడగడం అయిపోయింది కూడా.

ఇంకొక రకం మనుషులున్నారు. నాలుగుసార్లు పొరబడి, ఇక దేన్నీ నమ్మకూడదని నిర్ణయించుకుంటారు. ఎవరైనా ఆప్యాయంగా మాట్లాడితే ‘అందరితో అలాగే ఉంటుందిలే’ అని దులిపేసుకుంటారు. వాళ్లకి చూసి చూసి మోసపోమన్న ధీమా ఉంటుంది. కానీ తెచ్చుకున్నది ఇంకో పక్షపాతమే. నిలబడ్డ ఐదో సంగతి కూడా వాళ్ల చేతిలో కొట్టుకుపోతుంది. ఆమె వాళ్లమ్మగారి సంగతి కొద్దిమందితోనే చెప్పింది, అందులో అతనొకడు. దానికి ఎంత జవాబు కావాలో అంతే ఇవ్వొచ్చు: వారం పోయాక ‘అమ్మగారి రిపోర్టులు వచ్చాయా? డాక్టరు ఏమన్నారు?’ అని అడిగి, ఆమె చెప్పేది వినొచ్చు.