ముప్పై గంటలు కూర్చున్నట్టు సంతకం ఉంది, సరే... కట్లపాము కాటును గుర్తుపడతారా?

రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర పడిందంటే చాలు, మా డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. రెన్యువల్‌కు కావాల్సిన శిక్షణ, అదే సీఎంఈ, ఈ నెల ఎక్కడ, ఎన్ని క్రెడిట్లు? అక్కడ ఏం చెప్తారని మాత్రం ఎవరూ అడగరు. ఇరవై ఏళ్లుగా నల్గొండలో ప్రాక్టీసు చేస్తున్నాను, నేను కూడా అడగలేదు.

నియమం అందరికీ తెలిసిందే. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి శిక్షణకు హాజరు కావాలి. 2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది, వాటిలోనూ ఐదేళ్లకు 30 క్రెడిట్లే. అవి కూడా మూడు వారాలకే పక్కన పడ్డాయి. పేరు ఏది మారినా లెక్క మాత్రం గడియారంతోనే. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్‌లో ఏదో హోటల్‌కు పోవాలి, కౌంటర్ దగ్గర సంతకం పెట్టాలి, కౌన్సిల్ నుంచి వచ్చిన అబ్జర్వర్ హాల్లో తలలు చూసుకుంటారు, సాయంత్రానికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. డాక్టరు హాల్లో ఉన్నాడా లేడా అన్నదానికే అది సాక్ష్యం. అతని చేతిలో పేషెంటు క్షేమంగా ఉంటాడా అన్నది ఆ కాగితం చెప్పదు.

లైసెన్సు రెన్యువల్ అక్కర్లేదని నేను అనడం లేదు, తప్పకుండా ఉండాలి. ఎందుకో చెప్పడానికి మా జిల్లాల్లో ఏటా చూసే ఒక్క జబ్బు చాలు, పాము కాటు.

ఒక కేసు అనుకుందాం. వానాకాలం, దేవరకొండ దగ్గర ఒక తండా. పత్తి చేను పని చేసొచ్చిన మనిషి రాత్రి నేల మీద పడుకున్నాడు. రెండు గంటలకు కడుపులో నొప్పితో లేచాడు, ఒకసారి వాంతి అయింది. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, పామును ఎవరూ చూడలేదు. దగ్గర్లోని ఆస్పత్రిలో గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపించారు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఇది కట్లపాము కాటు. దాని కోరలు చాలా చిన్నవి, గాటు కనబడకపోవచ్చు. పైగా అది నిద్రలో ఉన్నవాళ్లను కాటేస్తుంది. నేల మీద పడుకున్న మనిషి అర్ధరాత్రి కడుపునొప్పితో వస్తే రెప్పలు పైకెత్తమని చూడాలి, తలగడ మీంచి తల లేపమనాలి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడో వినాలి. గంట తర్వాత మళ్లీ వినాలి. మొదట పాతిక దాకా చెప్పినవాడు పదికే ఆగిపోతున్నాడంటే ఊపిరి కండరాలు పడిపోతున్నట్టు. అప్పుడు కావాల్సింది వెంటిలేటరు, ఎందుకంటే ఒకసారి పట్టుకున్న పక్షవాతాన్ని పాము విషానికి విరుగుడు మందు యాంటీ వీనమ్ వెనక్కి తిప్పలేదు.

రక్తపింజర కాటు కథ వేరు, అక్కడ రక్తం గడ్డకట్టదు. దానికి ఖరీదైన ల్యాబు అక్కర్లేదు, కాస్త రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు పెట్టి, వంచి చూస్తే చాలు. ఇంత తేలిక పరీక్షా రెండు చోట్ల తప్పుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో పోసినా, సబ్బుతో కడిగిన ట్యూబులో పోసినా మామూలు రక్తం కూడా గడ్డకట్టదు, విషం లేని మనిషికి మందు ఎక్కించేస్తారు. ఈ సంగతి నాకు ఏ హోటల్ హాల్లోనూ ఎవరూ చెప్పలేదు, క్యాజువాల్టీలో మా జూనియర్ అమ్మాయి చెప్పింది.

ఇక మందు. నేను చదువుకున్న రోజుల్లో ముందు చర్మం మీద టెస్ట్ డోసు వేసి చూసేవాళ్లం, చాలా ఏళ్లు నేనూ వేశాను. రియాక్షన్ వస్తుందా రాదా అన్నది ఆ టెస్టు చెప్పలేదని తేలి, జాతీయ మార్గదర్శకాలు దాన్ని ఎప్పుడో వద్దన్నాయి. దాని బదులు అడ్రినలిన్ సిరంజిలో నింపుకుని పక్కన పెట్టుకుని నేరుగా మొదలుపెట్టాలి. మొదటి డోసు పది వయల్స్. ఈ పది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎవరూ మర్చిపోరు. వయల్‌కు 10 మి.లీ., ఒక్కో మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరిచేస్తుంది, అంటే పది వయల్స్‌కు 60 మిల్లీగ్రాములు. ఆ పాము ఒక కాటులో సగటున దింపే విషం కూడా దాదాపు అంతే. అందుకే పిల్లలకైనా పది వయల్సే, కాటు తిన్నది పిల్లవాడని పాము తక్కువ విషం దింపదు కదా. రెండో డోసు కావాలా వద్దా అన్నది ఆరు గంటల తర్వాత మళ్లీ ట్యూబు పరీక్ష చేసి చూడాలి. గడ్డకట్టే పదార్థాలను కాలేయం మళ్లీ తయారు చేసుకోవడానికి అంత టైం పడుతుంది. గంటకే చూసి ఇంకా గడ్డకట్టలేదని మరో పది ఎక్కిస్తే, జిల్లాలో అసలే అరకొరగా ఉండే మందు వృథా.

ఇందులో ఎన్ని విషయాలు మన చదువుల తర్వాత మారాయో చూడండి. 30 గంటల సర్టిఫికెట్ ఉన్న డాక్టరు ఇవాళ కూడా టెస్ట్ డోసు వేస్తూ ఉండొచ్చు, రూల్ ప్రకారం అతని రెన్యువల్‌కు ఏ అడ్డూ లేదు. ఉపన్యాసం విని లేచిపోయే సభలు డాక్టరు పని తీరును మార్చలేదని, తాము పాల్గొని చేసి చూసే సెషన్లే కొంత మార్చాయని 1999లోనే అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక సమీక్ష వచ్చింది.

అయితే పరీక్ష పెట్టండి అంటే మా వాళ్లకు కోపం వస్తుంది. యాభై ఐదేళ్ల వయసులో, రోజుకు వంద మందిని చూసే మనిషిని హాల్ టికెట్ పట్టుకుని కూర్చోమంటారా అని. ఆ కోపంలో న్యాయం ఉంది. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు పదేళ్లకో పెద్ద పరీక్ష పెట్టింది, 2014లో దానికి మరిన్ని షరతులు కలిపింది. డాక్టర్లు తిరగబడితే 2015 ఫిబ్రవరిలో మేమే తప్పు చేశామని ఒప్పుకుంది. కానీ పెద్ద పరీక్ష పనికిరాదంటే సంతకాల పుస్తకమే దిక్కని కాదు. అదే దేశంలో మత్తుమందు ఇచ్చే డాక్టర్ల బోర్డు ఇంకో దారి పట్టింది. మూడు నెలలకు 30 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక్క నిమిషం, ఫోన్‌లోనే. జవాబు చెప్పగానే తప్పో ఒప్పో, ఎందుకో కూడా కనిపిస్తుంది. హాల్ లేదు, ప్రయాణం లేదు, క్లినిక్ మూయనక్కర్లేదు.

మన కౌన్సిల్ కూడా ఇలాంటిది తేవాలి, కానీ ప్రశ్నలు హైదరాబాద్‌లో తయారు కాకూడదు. అసలు నా బాధంతా అక్కడే. దక్షిణ తెలంగాణ జబ్బులు, దక్షిణ తెలంగాణ డాక్టర్లు అంటే రాజధానికి వచ్చి వినిపోయే బ్యాచ్ కిందే లెక్క. రోబో సర్జరీ గురించి గంట వినడానికి అచ్చంపేట డాక్టరు ఒక రోజు ఓపీ మూసుకోవాలి. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్ మనిషి నడుము వంగక వస్తే కీళ్లవాతం అని రాసే డాక్టర్లకు మాత్రం ఎవరూ ఏ ప్రశ్నా వేయరు. ఇప్పుడు సాకు లేదు. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, నల్గొండలో 2019లో, తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో వచ్చాయి. అక్కడ ప్రొఫెసర్లున్నారు, పేషెంట్లున్నారు. నెలకో సాయంత్రం ఆ నెలలో పోయిన పాము కాటు కేసుల షీట్లు టేబుల్ మీద పెట్టి, ఎన్ని గంటలకు వచ్చాడు, ట్యూబు పరీక్ష ఎప్పుడు చేశారు, మందు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆలస్యమైందో గవర్నమెంటు, ప్రైవేటు డాక్టర్లు కలిసి చూడాలి, పేర్లు తీసేసే చూడొచ్చు. ఆ రెండు గంటలను కౌన్సిల్ 30లో లెక్కకట్టాలి. వచ్చే ఏడు ఫోన్‌లో వచ్చే ప్రశ్నలు ఆ షీట్లలోంచే తీయాలి, తప్పు చెప్పినవాళ్లకు లైసెన్సు ఆపకుండా అదే ప్రశ్న మూడు నెలలకు మళ్లీ పంపాలి. మొదటి మీటింగు వానాకాలం మొదలవకముందే, జూన్ లోపే పెట్టాలి.