బాండ్ కట్టక్కర్లేదని చెబుతున్న ఆ ఫార్వర్డ్‌కి జవాబు

"ఫ్రెండ్స్, ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ పంపండి. 1) మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే నాన్-కంపీట్ ఇండియాలో చెల్లదు. 2) నోటీసు పీరియడ్ చట్టప్రకారం నెల రోజులే, 90 అని రాసినా పట్టించుకోవద్దు. 3) ట్రైనింగ్ బాండ్ వెట్టిచాకిరీ కిందకి వస్తుంది, రూపాయి కట్టక్కర్లేదు, కంపెనీ ఏమీ పీకలేదు. 4) స్టాంపు పేపర్ మీద లేని అగ్రిమెంటు చిత్తు కాగితం."

ఇది నాకు ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి సాటి లాయరు కూడా "నిజమేనా బాస్" అని పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

నాలుగోదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. స్టాంపు డ్యూటీ తక్కువైతే ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకునే ముందు డ్యూటీ, పెనాల్టీ కట్టమంటారు. కట్టాక ఆ అడ్డంకి పోతుంది. కంపెనీ దగ్గర ఆ మాత్రం డబ్బు లేదనుకోవద్దు.

మొదటిది మాత్రం కరెక్టే. ఈ ఫార్వర్డ్‌లో ఒక నిజం దొరుకుతుందని నేనూ అనుకోలేదు. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం ముగిశాక వేరేచోట పని చేసుకోకుండా ఆపే షరతు చెల్లదు. "ఆరు నెలలే కదా, హైదరాబాద్ వరకే కదా, సమంజసమే" అని హెచ్‌ఆర్ చెప్పే మాటకీ ఇక్కడ విలువ లేదు, మన చట్టం ఆ కొలత చూడదు. క్రికెటర్ జహీర్ ఖాన్ తన ఏజెన్సీతో పడ్డ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది. కంపెనీ రహస్యాలు, క్లయింట్ల జాబితా పట్టుకుపోవడం వేరే సంగతి, దానికి ఈ రక్షణ లేదు.

ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు వదిలేసిన ముక్క ఒకటుంది. సెక్షన్ 27 రక్షణ ఉద్యోగం ముగిశాకే. ఉద్యోగం నడుస్తుండగా ఇంకోచోట చేయకూడదన్న షరతు చెల్లుతుంది. 1967లో సెంచురీ స్పిన్నింగ్ కేసులో అయిదేళ్ల ఒప్పందం మధ్యలోనే వదిలి పోటీ కంపెనీకి వెళ్లిన ఉద్యోగిని, మిగిలిన కాలం అలాంటి పని చేయకుండా ఆపుతూ ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు సమర్థించింది. రిజైన్ చేసిన పదో రోజే, రిలీవ్ కాకుండా, పోటీ కంపెనీలో కూర్చున్నవాడు "నాన్-కంపీట్ చెల్లదు" అని ఈ మెసేజ్ చూపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. వాడింకా పాత కంపెనీ ఉద్యోగే అని వాళ్లు వాదిస్తారు.

రెండోది అక్కడి నుంచే వస్తుంది. నెల రోజులు అన్నది ఎక్కడి నుంచి తెచ్చారో తెలుసు. మన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో, ఆరు నెలలు పనిచేసిన మనిషిని తీసేయాలంటే యజమాని కనీసం నెల నోటీసు ఇవ్వాలని ఉంది. అది యజమానికి పెట్టిన కనీస హద్దు. మీరు సంతకం పెట్టిన 90 రోజులకు అది కత్తెర కాదు.

అలాగని 90 రోజులూ కుర్చీకి కట్టేసి పని చేయించలేరు. ఇష్టం లేని మనిషి చేత ఉద్యోగం చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. మిగిలేది డబ్బు, రిలీవింగ్ లెటర్. కాబట్టి క్లాజులో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లే హక్కు మీదా, లేక "కంపెనీ అంగీకరిస్తే" అని ఉందా? ఆ లెక్క బేసిక్ మీదా, గ్రాస్ మీదా? నెలకు గ్రాస్ 75 వేలు, బేసిక్ 30 వేలు ఉన్నవాడికి 60 రోజులు మిగిలితే ఒక లెక్కలో 60 వేలు, ఇంకో లెక్కలో లక్షన్నర. ఒక్క మాటకి తొంభై వేల తేడా.

ఇక మూడోది. ఫ్రెషర్లని ముంచేది ఇదే.

బాండ్ ఉన్నంత మాత్రాన వెట్టిచాకిరీ అయిపోదు. మీరు వెళ్లిపోవచ్చు, వెళ్తే ఎంత కట్టాలన్నదే గొడవ. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తేల్చింది. "సుప్రీంకోర్టే బాండ్‌లు కొట్టేసింది" అని పంపేవాళ్లు ఆ తీర్పు ఒక్కసారి తెరిచి చూస్తే పుణ్యముంటుంది. అయితే అది ప్రభుత్వ బ్యాంకు. బహిరంగ ప్రకటనతో, పోటీ పెట్టి నియామకం చేయాలి, ఆ ఖర్చంతా మళ్లీ భరించాలి. పైగా మానేసినాయన మంచి జీతమున్న సీనియర్ మేనేజరు. ఈ రెండూ కోర్టు చూసింది. నెలకు పాతిక వేలిచ్చి, రెండు వారాలు పాత వీడియోలు చూపించి, 3 లక్షల బాండ్ రాయించుకునే కంపెనీకి ఆ తీర్పు అలాగే అతికించడం కుదరదు.

ఎందుకంటే అదే కాంట్రాక్ట్ యాక్ట్‌లో సెక్షన్ 74 ఉంది. కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. 2011లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లిన ఒక కేసులో బాండ్ 2 లక్షలు, గడువు మూడేళ్లు. ఉద్యోగి రెండేళ్లు చేసి మానేశాడు. కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చు 67 వేల చిల్లర అని తేలింది. అందులో మిగిలిన ఏడాది వాటాగా మూడో వంతు, అంటే 22 వేల చిల్లర మాత్రమే ఇప్పించారు.

ఇదే లెక్క మన కుర్రాడికి వేద్దాం. బాండ్ 2 లక్షలు, గడువు 24 నెలలు, 14 నెలలు చేశాడు. ట్రైనింగుకి 60 వేలు అయిందని కంపెనీ బిల్లులతో చూపించగలిగితే, మిగిలిన 10 నెలల వాటా 25 వేలు. హెచ్‌ఆర్ అడిగే 2 లక్షలూ కాదు, ఫార్వర్డ్ చెప్పే సున్నా కూడా కాదు. ప్రతి కోర్టూ ఇదే సూత్రం వాడుతుందని కాదు, కానీ బేరానికి కూర్చోవడానికి ఇది గట్టి అంకె.

"కంపెనీ ఏమీ పీకలేదు" అన్న మాటకి వద్దాం. చేరిన రోజు సెక్యూరిటీ అని సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చారా? బాండ్ తెంచడం నేరం కాదు, పోలీసు కేసు అంటూ హెచ్‌ఆర్ బెదిరిస్తే అది ఉత్త కోత. కానీ ఆ చెక్కు మీద 2 లక్షలు రాసుకుని బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, చెక్ బౌన్స్ కేసుకి దారి తెరుచుకుంటుంది. అది క్రిమినల్ కేసే, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. బ్యాంకుకి చెప్పి స్టాప్ పేమెంట్ పెట్టించినా తప్పించుకున్నట్టు కాదు. అంత బాకీ నిజంగా లేదని మీరు నిరూపించుకోవాలి, ఎందుకంటే చట్టం మొదట చెక్కు పట్టుకున్నవాడి మాటే నమ్ముతుంది. గ్రూపులో ఈ మెసేజ్ నమ్మి లీగల్ నోటీసుని డస్ట్‌బిన్‌లో వేసిన కుర్రాడికి చెక్కు డబ్బు కట్టడానికి ఇచ్చిన 15 రోజుల గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. అప్పుడు ఫార్వర్డ్ చేసినవాడు వాయిదాలకి వస్తాడా?

కాబట్టి చెక్కు ఇచ్చి ఉంటే, మానేసే ముందే దాని నంబరు రాసి, ఇది బాండ్ కోసం ఖాళీగా ఇచ్చిన సెక్యూరిటీ చెక్కు, తిరిగి ఇవ్వండి అని మెయిల్ పెట్టండి. అదే మెయిల్లో ట్రైనింగు తేదీలు, ట్రైనర్ ఎవరు, నా మీద పెట్టిన ఖర్చెంత, బిల్లులతో వివరం పంపండి అని అడగండి. ఆఫీసు ఐడీ నుంచి పంపితే మీ సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకోండి, రిలీవ్ అయ్యాక ఆఫీసు మెయిల్ తెరుచుకోదు. నోటీసు వస్తే 15 రోజుల లోపే జవాబివ్వండి.