థర్డ్ ఏసీలో నలభై కేజీలు దాటితే డబ్బు కట్టినా కుదరదు

రైల్లో లగేజీకి పరిమితి ఏంటి, విమానమా అది అనుకునేవాళ్లు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. 2025 డిసెంబర్‌లో నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి లోక్‌సభలో దీని మీద ప్రశ్న అడిగారు. ఎయిర్‌పోర్టుల్లోలాగా రైళ్లలోనూ లగేజీ నిబంధనలు అమలు చేస్తారా అని. రైల్వే మంత్రి లిఖితపూర్వకంగా సమాధానమిస్తే అదేదో కొత్త రూల్ అన్నట్టు ప్రచారం జరిగింది. నిజానికి అవి ఎప్పటినుంచో ఉన్న లెక్కలే.

స్లీపర్‌లో ఒక్కొక్కరికి 40 కేజీలు ఉచితం, జనరల్‌లో 35, థర్డ్ ఏసీలో 40, సెకండ్ ఏసీలో 50, ఫస్ట్ ఏసీలో 70. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది దీని పక్కనే ఉండే రెండో అంకె, అంటే డబ్బు కట్టి మనతోపాటు బోగీలోకి ఎంతవరకు తీసుకెళ్లొచ్చు అన్నది. ఉచిత బరువుతో కలిపి స్లీపర్‌లో అది 80, జనరల్‌లో 70, సెకండ్ ఏసీలో 100, ఫస్ట్ ఏసీలో 150. థర్డ్ ఏసీలో మాత్రం 40 దగ్గరే ఆగిపోతుంది. ఎక్కువ టికెట్ పెట్టి ఏసీలో వెళ్తున్నాం కదా, సామానుకు ఇంకా వెసులుబాటు ఉంటుందిలే అనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు.

ఊరి నుంచి బెంగళూరు వెళ్లే ఒక మనిషిని తీసుకుందాం. 26 కేజీల బియ్యం బస్తా, 20 కేజీల సూట్‌కేసు, ఆవకాయ, పప్పులు, పిండివంటలు కలిసి మరో 14. మొత్తం 60 కేజీలు. స్లీపర్ టికెట్ అయితే ఉచితం పోగా మిగిలిన 20 కేజీలను లగేజీ ఆఫీసులో బుక్ చేసుకుని, మామూలు లగేజీ రేటుకు ఒకటిన్నర రెట్లు కట్టి, బస్తాను తన బెర్తు కిందే పెట్టుకోవచ్చు. అదే మనిషి థర్డ్ ఏసీ టికెట్ తీసుకుంటే ఆ 20 కేజీలు బోగీలోకి రాకూడదు, రైల్లో సామాన్ల కోసం విడిగా ఉండే బ్రేక్ వ్యాన్‌లో వేయాల్సిందే.

బుక్ చేయకుండా ఎక్కేసి మధ్యలో దొరికితే ఉచిత బరువు దాటినదానికి ఆరు రెట్లు కట్టాలి. ఆ 20 కేజీలకు మామూలు రేటు వంద రూపాయలు అనుకుంటే, బుక్ చేసినవాడికి 150, దొరికినవాడికి 600. కొద్దిగా ఎక్కువైతే, అంటే స్లీపర్‌లో పది కేజీల లోపు అయితే, ఆరు రెట్లు వేయరు, ఒకటిన్నర రెట్లతో వదిలేస్తారు. దాన్ని చూసి స్లీపర్‌లో 50 ఫ్రీ అని చెప్పేవాళ్లున్నారు, అది తప్పు. ఆ పది కేజీలకూ డబ్బు కట్టాలి, జరిమానా మాత్రమే ఉండదు.

బరువు సరిపోయినా సైజు దగ్గర దొరికిపోవచ్చు. పెట్టె పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 25 దాటకూడదు. ఇందులో ఏ ఒక్కటి దాటినా బ్రేక్ వ్యానే గతి. పెద్ద టీవీ డబ్బా తేలికగానే ఉండొచ్చు, కానీ ఈ కొలతల్లో పట్టదు. వ్యాపార సరుకును సొంత లగేజీ కింద అసలు బుక్ చేయరు, దానికి పార్సిల్ ఆఫీసు ఉంది.

బుకింగ్ పెద్ద పనేం కాదు. రైలు బయలుదేరడానికి కనీసం అరగంట ముందు సామాను లగేజీ ఆఫీసుకు చేర్చాలని రూల్, కానీ కాటా దగ్గర క్యూ ఉంటుంది కాబట్టి గంటన్నర ముందు వెళ్తే టెన్షన్ ఉండదు. టికెట్ చూపించాలి, తూకం వేయించాలి, డబ్బు కట్టి లగేజీ టికెట్ తీసుకోవాలి. బ్రేక్ వ్యాన్‌లో వేసేదైతే గట్టిగా కట్టి, పాత లేబుళ్లు పీకేసి, పేరు, అడ్రసు, దిగే స్టేషన్ స్పష్టంగా రాయాలి. దిగాక ఆ కాగితం చూపిస్తేనే సామాను ఇస్తారు. ముందే అడగాల్సింది ఇంకొకటుంది: మీరు దిగే స్టేషన్లో రైలు రెండు నిమిషాలే ఆగేదైతే అక్కడికి బ్రేక్ వ్యాన్ సామాను తీసుకుంటారా లేదా అని. వందే భారత్ చైర్ కార్ రైళ్లలో అయితే బ్రేక్ వ్యానే లేదు.

ఆ లగేజీ టికెట్‌కు ఇంకో విలువ ఉంది. 1989 రైల్వే చట్టం సెక్షన్ 100 ప్రకారం, బుక్ చేసి రసీదు ఇచ్చిన సామానుకే రైల్వే బాధ్యత. మీ దగ్గరే పెట్టుకున్నది పోతే రైల్వే నిర్లక్ష్యం వల్లే పోయిందని మీరు నిరూపించుకోవాలి. బుక్ చేసినా, విలువ ముందే ప్రకటించి దానికి అదనపు ఛార్జీ కట్టకపోతే పరిహారం పరిమితంగానే వస్తుంది. అందుకే బంగారం, ల్యాప్‌టాప్ బ్రేక్ వ్యాన్‌లో వేయకండి.

రూల్స్ ఉండాల్సిందే, నడిచే దారిలో బస్తాలు పేర్చేస్తే రాత్రి పెద్దవాళ్లు బాత్రూమ్‌కు వెళ్లలేని పరిస్థితి. కానీ ప్రయాణికుడు తన సామాను బరువు తెలుసుకోవడానికి ప్లాట్‌ఫామ్ మీద ఒక కాటా కూడా కనపడని స్టేషన్లో ఆరు రెట్లు వసూలు చేయడం న్యాయం కాదు. ముందు ఎంట్రన్స్ దగ్గర కాటా, పక్కనే బుకింగ్ కౌంటర్ పెట్టాలి. థర్డ్ ఏసీ టికెట్ మీద "40 కేజీలు మించితే బ్రేక్ వ్యాన్ మాత్రమే" అని తెలుగులో ఒక్క లైను వేయాలి. జరిమానాలు ఆ తర్వాతే.